రసీదు మీది నంబరును చదవడం

(వార్షిక సమావేశంలో దాతల ముందు చేసిన ప్రసంగ పాఠం)



రంజాన్ నెల దగ్గర పడిందంటే మన ఇళ్లకు రసీదు పుస్తకాలు వస్తాయి. ఫోన్లకు క్యూఆర్ కోడ్లు వస్తాయి. ఒకటి ట్రస్ట్ అంటుంది, ఒకటి ఫౌండేషన్ అంటుంది, ఇంకొకటి మిషన్ అంటుంది. జకాత్ సొమ్ము ఎవరికి చేరాలో దీన్ మనకు చెప్పింది. మనం ఇచ్చే చేయి లాభం పంచుకునే వ్యాపార సంస్థదా, పంచుకోకూడని సంస్థదా అన్నది మాత్రం మనమే చూసుకోవాలి. ఆ తేడా పేరులో ఉండదు, ఆ సంస్థ ఏ రిజిస్టరులో ఏ రకంగా నమోదైందో అక్కడ ఉంటుంది. దాన్ని ఎలా చదవాలో కమిటీ వారు నన్ను చెప్పమన్నారు.

ముందు కంపెనీల సంగతి చూద్దాం. కంపెనీ అనగానే లాభం కోసమే అనుకుంటాం, అది నిజం కాదు. మన దేశంలో ప్రతి కంపెనీకీ 21 అక్షరాలూ అంకెలూ కలిసిన ఒక నంబరు ఉంటుంది. దాన్ని సి.ఐ.ఎన్. అంటారు. లెటర్‌హెడ్ల మీద, బిల్లుల మీద అది ముద్రించాలని కంపెనీల చట్టమే చెబుతోంది. రెండు నిజమైన నంబర్లు చూడండి.

```
U74990MH2008NPL189067
L17110MH1973PLC019786
```

మొదటిది మనందరం రోజూ వాడే యూపీఐని నడిపే నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్‌ది. రెండోది రిలయన్స్ ఇండస్ట్రీస్‌ది. మొదటి అక్షరం U అయితే షేర్ మార్కెట్‌లో లేని కంపెనీ, L అయితే ఉన్న కంపెనీ. తరువాతి ఐదంకెలు ఏ రంగమో చెబుతాయి. దీన్ని మరీ నమ్మకండి. చమురు, ఫోన్ల వ్యాపారాలకు ఎదిగిన రిలయన్స్ నంబరులో ఇప్పటికీ బట్టల పరిశ్రమ అంకెలే ఉన్నాయి! ఆ తరువాత రాష్ట్రం, ఏర్పడిన సంవత్సరం వస్తాయి. మనకు కావలసింది వాటి తరువాతి మూడు అక్షరాలు. లెక్కపెడితే 13, 14, 15 స్థానాలు.

అక్కడ NPL అని ఉంటే అది లాభాపేక్ష లేని కంపెనీ. 2013 చట్టంలో 8వ సెక్షన్ కింద, అంతకుముందు 1956 చట్టంలో 25వ సెక్షన్ కింద ప్రత్యేక లైసెన్సు తీసుకున్నది. అది సంపాదించవచ్చు, జీతాలు ఇవ్వవచ్చు, మిగులు చూపవచ్చు. ఆ మిగులును సభ్యులకు డివిడెండుగా పంచకూడదు. PTC అని ఉంటే ప్రైవేటు కంపెనీ, PLC అని ఉంటే పబ్లిక్ కంపెనీ. ఇవి రెండూ మామూలుగా వాటాదార్లకు లాభం పంచే కంపెనీలే. ‘పబ్లిక్’ అన్న మాట చూసి ప్రజాసేవ అనుకోవద్దు.

ఒక రసీదును ఊహించుకుందాం. పైన పెద్ద అక్షరాల్లో ‘ఎడ్యుకేషన్ ఫౌండేషన్’ అని ఉంది, పేద పిల్లల స్కాలర్‌షిప్పులకు అని ఉంది. అడుగున చిన్న అక్షరాల్లో ఒక నంబరు, అందులో 2017 తరువాత PTC. వెంటనే mca.gov.in లో ఆ నంబరుతో కంపెనీ వివరాలు, అంటే మాస్టర్ డేటా, తీస్తే అసలు పేరు ‘ఎడ్యుకేషన్ సర్వీసెస్ ప్రైవేట్ లిమిటెడ్’ అని వచ్చిందనుకోండి. ఫౌండేషన్ అన్నది బోర్డు మీది పేరే అన్నమాట. కోచింగ్ సెంటరు నడిపే వ్యాపార సంస్థ అది. అందులో నేరమేమీ లేదు, కోచింగ్ సెంటరు నడపడం తప్పు కాదు. కాని మీరిచ్చిన సొమ్ము ఆ కంపెనీ ఖాతాలో పడితే, దాన్ని పిల్లలకే ఖర్చు చేయాలని ఆ రిజిస్ట్రేషన్ రకం వారిని కట్టడి చేయదు. అప్పుడు అడగవలసిన మాట ఒకటే: “బాబూ, ఈ చందా తీసుకునే సంస్థ వేరే ఉందా? ఉంటే దాని నంబరు, దాని బ్యాంకు ఖాతా పేరు చెప్పు.”

దీనికి తిరగబడ్డ పొరపాటు ఇంకొకటి ఉంది. మంచి సంస్థను మనమే అనుమానిస్తాం. మాస్టర్ డేటాలో 8వ సెక్షన్ కంపెనీకి కూడా Class of Company దగ్గర Private అని ఉండవచ్చు, Authorised Capital దగ్గర లక్షో పది లక్షలో ఉండవచ్చు. ఇది చూసి వాటాలున్నాయి కనుక వ్యాపారమే అనుకుంటారు. నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్‌కూ వాటాలున్నాయి, అవి ఎక్కువగా బ్యాంకుల చేతిలో ఉన్నాయి. వాటా ఉండటం వేరు, వాటా మీద లాభం పంచడం వేరు. నంబరులో NPL ఉందా లేదా అన్నదే చూడండి. అక్కడే Company Status కూడా చూడండి. Active కాకుండా Strike Off అని ఉంటే ఆ పేరును రిజిస్టరు నుంచి కొట్టివేశారని అర్థం. రసీదు పుస్తకం మాత్రం ఇంకా తిరుగుతూనే ఉండవచ్చు.

కంపెనీల రిజిస్టరులో పేరే దొరకకపోతే కంగారు పడనక్కరలేదు. సొసైటీలు, ట్రస్టులు, సహకార సంఘాలు అక్కడ ఉండవు. మనలాంటి సొసైటీలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద జిల్లా రిజిస్ట్రారు దగ్గర నమోదవుతాయి. వాటి నంబరు ‘ఇన్నో నంబరు, ఇన్నో సంవత్సరం’ అన్నట్టు పొట్టిగా ఉంటుంది. జిల్లా పేరు లేకుండా ఆ నంబరుకు అర్థం లేదు, ఎందుకంటే ప్రతి జిల్లాలోనూ ఆ ఏడాదికి ఆ నంబరు ఒకటి ఉండవచ్చు.

సొసైటీ అన్న మాటే సహకార సంఘానికీ వాడతాం. అది వేరే చట్టం, వేరే రిజిస్ట్రారు. మన దగ్గర 1964 చట్టం, 1995లో వచ్చిన మ్యాక్స్ చట్టం ఉన్నాయి. పేరు చివర ‘లిమిటెడ్’ అని ఉన్నా అది కంపెనీ కాదు. ఎరువు బస్తాల మీద చూసే ఇఫ్కో పేరులోనూ చివర లిమిటెడ్ ఉంది, అది సహకార సంఘం. అయితే సహకార సంఘం తన సభ్యుల మేలు కోసం ఏర్పడింది, మిగులులో వారికి వాటా ఉంటుంది. సభ్యత్వం తీసుకోవడానికి అది మంచి చోటే. పేదల పేరిట చందా ఇవ్వడానికి దాన్ని ధర్మ సంస్థ అనుకోకూడదు.

అన్నిటికంటే చిక్కు ట్రస్టుతో వస్తుంది. ట్రస్టు డీడును సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో రిజిస్టరు చేస్తారు, దానికి ఒక డాక్యుమెంటు నంబరు వస్తుంది. ఒక తండ్రి తన పిల్లల కోసం రాసుకున్న కుటుంబ ట్రస్టుకు కూడా అలాంటి నంబరే వస్తుంది. కనుక నంబరు చూసి ఏమీ తేలదు, డీడు కాపీ అడిగి చదవాలి. అందులో రెండు చోట్లు వెతకండి. మేలు పొందేది ఎవరు, ప్రజలా, పేరు పేరున రాసిన మనుషులా? ట్రస్టు మూతపడితే ఆస్తి ఎవరికి పోతుంది, అదే పని చేసే మరో సంస్థకా, ట్రస్టీలకా? రెండో ప్రశ్నకు ట్రస్టీలకు అని ఉంటే, మీ చందాతో కొన్న స్థలం రేపు వారి ఇంటి స్థలం కావచ్చు.

చివరగా ఒక నంబరు గురించి. ‘దర్పణ్ నంబరు ఉంది, నీతి ఆయోగ్ గుర్తింపు’ అని కొందరు పెద్దగా చూపిస్తారు. దర్పణ్ అన్నది స్వచ్ఛంద సంస్థలు తమంతట తాము వివరాలిచ్చి పేరు చేర్చుకునే పోర్టల్. దాని వల్ల సంస్థ పుట్టదు. సంస్థ అంతకుముందే ఎక్కడో సొసైటీగానో ట్రస్టుగానో NPL కంపెనీగానో పుట్టి ఉండాలి. దర్పణ్ పేజీలో ఆ అసలు రిజిస్ట్రేషన్ నంబరు, ఏ చట్టం కింద, ఏ ఊళ్లో అన్నది ఉంటుంది. దాన్ని రాసుకుని, ఇంతసేపూ చెప్పుకున్న రిజిస్టరుకే మళ్లీ వెళ్లాలి. మన సొసైటీ రిజిస్ట్రేషన్ పత్రం, నియమావళి కాపీలు ఈ రోజు కోశాధికారి గారి బల్ల మీద పెట్టించాము. భోజనాలకు లేచే ముందు వాటిని తిరగేయండి.