అందరికీ ఒకే తూనిక: లౌకిక రాజ్యం గురించి మీరడిగిన ప్రశ్నలు

(యువజన కూడికలో మా సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

బరంపురం నుంచి, కేజీఎఫ్ నుంచి, సోలాపూర్ నుంచి, యానాం నుంచి వచ్చారు. నిన్న సాయంత్రం గుమ్మం దగ్గర పెట్టిన డబ్బాలో మీరు వేసిన చీటీలు అన్నీ చదివాము. పేర్లు రాయవద్దని చెప్పాము కాబట్టి ధైర్యంగానే అడిగారు. అన్నిటికీ ఇవాళ జవాబు చెప్పలేము. కొన్నిటినే తీసుకుంటాము.

మొదటి చీటీ ఇది. "సెక్యులర్ అనే మాట రాజ్యాంగంలోంచి తీసేస్తే మన గతి ఏమిటి?" ఆ మాట పీఠికలోకి వచ్చింది 1976లో, 42వ సవరణతో. దాన్ని తొలగించమని వేసిన పిటిషన్లను సుప్రీంకోర్టు 2024 నవంబరులో కొట్టివేసింది. కానీ మనల్ని కాపాడుతున్నది ఆ ఒక్క మాట కాదు. 25 నుంచి 28 వరకు ఉన్న అధికరణాలు 1950 నుంచే ఉన్నాయి. మాట లేని ఆ ఇరవై ఆరేళ్లూ అవి పని చేస్తూనే వచ్చాయి. కాబట్టి మాట కంటే ఆ అధికరణాల మీద కన్నేసి ఉంచండి.

ఇంకో చీటీలో, "ప్రభుత్వం ఏ మతాన్నీ పట్టించుకోకుండా ఉంటే సరిపోదా?" అని ఉంది. ఫ్రాన్సు దాదాపు ఆ దారే పట్టింది. అక్కడ 2004 చట్టం ప్రకారం ప్రభుత్వ బడిలో పిల్లలు కొట్టొచ్చినట్టు కనబడే మత చిహ్నాలు వేసుకోకూడదు. ముసుగు, తలపాగా, పెద్ద సిలువ, అన్నిటికీ ఒకటే నిషేధం. పైకి చూస్తే సమానమే. అయితే చిన్న సిలువ గొలుసు చొక్కా లోపల పెట్టుకునే పిల్లవాడికి ఆ చట్టంతో ఏ ఇబ్బందీ లేదు. తలపాగా తీయలేని సిక్కు పిల్లవాడు మాత్రం బడి మానుకోవాలి. అందరికీ ఒకే నియమం పెట్టినా బరువు ఒక్కడి మీదే పడవచ్చు. మన రాజ్యాంగం వేరే దారి పట్టింది. ఆ దారి ఎలాంటిదో ఒక కేసు చెబితే తేలిగ్గా అర్థమవుతుంది.

కేరళలో కొట్టాయం జిల్లా. బిజో, బిను మోల్, బిందు అని ముగ్గురు అన్నాచెల్లెళ్లు పదో తరగతి, తొమ్మిదో తరగతి, ఐదో తరగతి చదువుతున్నారు. వాళ్లది యెహోవా సాక్షుల కుటుంబం. పొద్దున అసెంబ్లీలో జనగణమన పాడేటప్పుడు ముగ్గురూ గౌరవంగా లేచి నిలబడతారు కానీ పాడరు. ఆ పాటలోని మాటల మీద వాళ్లకు అభ్యంతరం లేదు. యెహోవాకు చేసే ప్రార్థన తప్ప మరే ఆచారంలోనూ పాలుపంచుకోకూడదన్నది వాళ్ల నమ్మకం. వాళ్ల కంటే ముందు అదే బడిలో చదివిన అక్కలూ అలాగే నిలబడ్డారు. ఏళ్ల తరబడి ఎవరూ ఏమీ అనలేదు.

1985 జూలైలో ఒక ఎమ్మెల్యే కంట ఇది పడింది. ఆయన శాసనసభలో ప్రశ్న వేశారు. విచారణ కోసం ఒక కమిషన్ వేశారు. పిల్లలు బుద్ధిమంతులనీ, గీతాన్ని అగౌరవపరచలేదనీ ఆ కమిషనే రాసింది. అయినా విద్యాశాఖ అధికారి ఆదేశాలతో హెడ్‌మిస్ట్రెస్ జూలై 26న వాళ్లను బడి నుంచి తీసేసింది. తండ్రి వెళ్లి బతిమాలితే తన చేతిలో ఏమీ లేదంది. హైకోర్టులో రెండుసార్లు ఓడిపోయారు. సుప్రీంకోర్టు 1986 ఆగస్టులో పిల్లల పక్షాన తీర్పు ఇచ్చింది. ఆ తీర్పు రాసింది మన తెలుగువాడే, జస్టిస్ ఓ. చిన్నప్ప రెడ్డి.

కోర్టు ఏ వరసలో ఆలోచించిందో చూడండి, రేపు మీకూ పనికొస్తుంది. మొదట, ఈ నమ్మకం నిజంగా వాళ్లదేనా, లేక ఆ పూటకు తెచ్చుకున్న సాకా అని చూసింది. ఆ నమ్మకం మనకు సబబుగా ఉందా లేదా అన్నది కోర్టు చూసే సంగతి కాదు. పెద్ద అక్కల కాలం నుంచీ అలాగే ఉన్నారు కాబట్టి సాకు కాదని తేలింది. తరువాత, పాడాలని చట్టం ఎక్కడైనా ఉందా అని వెదికింది. 1971 నాటి జాతీయ గౌరవ చట్టం గీతం పాడకుండా ఇతరులను ఆపినవాళ్లనీ, పాడేచోట అల్లరి చేసినవాళ్లనీ శిక్షిస్తుంది. ఊరికే నిలబడి పాడనివాళ్ల గురించి అందులో ఏమీ లేదు. మిగిలినవి విద్యాశాఖ సర్క్యులర్లు. ప్రాథమిక హక్కును సర్క్యులర్‌తో తీసేయడానికి వీల్లేదు, చట్టం కావాలి. చివరగా, ఆ చట్టమైనా శాంతిభద్రతలనో, నైతికతనో, ప్రజారోగ్యాన్నో కాపాడటం కోసం ఉండాలి. ముగ్గురు పిల్లలు మౌనంగా నిలబడితే ఎవరి శాంతి చెడింది?

ఇక్కడ మిమ్మల్ని ఒకటి అడుగుతాము. యెహోవా సాక్షులు మన సంఘాలవాళ్లు కారు. వాళ్లు తలుపు తడితే మనలో చాలామంది తలుపు తీయము. వాళ్ల బోధ తప్పని మన కాపరులు చెబుతారు, అలా చెప్పడం కాపరుల పని. కానీ మీ ఊళ్లో అలాంటి పిల్లల్ని బడినుంచి తీసేస్తే, "వాళ్లు మనవాళ్లు కాదుగా" అని ఊరుకుంటామా? ఆ కేసు గెలిచింది వాళ్లే అయినా, ఆ తీర్పు నీడలో మనమూ ఉన్నాము.

ఈ తూనికను మన వైపు కూడా తిప్పి చూడాలి. ఒక చెల్లెలు రాసింది: "మా మిషన్ స్కూల్లో హిందూ పిల్లలు ప్రార్థనకు రాకపోతే ఫైన్ వేస్తారు. తప్పేనా?" తప్పే. 28వ అధికరణం ప్రకారం ప్రభుత్వ నిధులతోనే నడిచే బడిలో మతబోధ ఉండకూడదు. ఎయిడెడ్ బడిలో గానీ, ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడిలో గానీ మతబోధ, ఆరాధన ఉండవచ్చు, కానీ పిల్లవాడు మైనరైతే పెద్దలు ఒప్పుకుంటేనే అందులో కూర్చోబెట్టాలి. అడ్మిషన్ ఫారంలో చదవకుండా పెట్టించుకున్న సంతకాన్ని ఒప్పుదల అనుకోవడం మాకు నచ్చదు. బిజో నోరు విప్పకుండా నిలబడే హక్కు కోరాడు, ఆ హిందూ పిల్లవాడూ అంతే కదా.

యెరూషలేము యాత్రకు సర్కారు ఇచ్చే డబ్బు గురించి నాలుగు చీటీలు వచ్చాయి. తమిళనాడులోనూ ఆంధ్రలోనూ ఆ పథకం పెట్టారు. హజ్ సబ్సిడీ 2018లో ఆగిపోయింది. 27వ అధికరణం ఒక మతాన్ని పోషించడానికే వసూలు చేసే పన్ను కట్టమని ఎవరినీ బలవంతపెట్టకూడదంటుంది. హజ్ సబ్సిడీ కేసులో 2011లో సుప్రీంకోర్టు, పన్నులో చెప్పుకోదగ్గ భాగం ఒక మతానికే వెళితే తప్పు, చిన్న మొత్తమైతే ఈ అధికరణానికి అడ్డం రాదు అంది. కాబట్టి చట్టం లెక్కలో యెరూషలేము సబ్సిడీ నిలబడవచ్చు. మా అభిప్రాయం మాత్రం వేరు, మాలో మాకే దీనిమీద వాదన ఉంది. యాత్ర ఖర్చు సర్కారు ఇస్తే తీసుకుని, ఇంకొకరి ఉత్సవానికి ఇస్తే లౌకికవాదం గుర్తుచేసుకోవడం బాగుండదు. అదే డబ్బు హాస్టల్ సీట్లుగా వస్తే మన పిల్లలకు ఎక్కువ మేలు.

ఇక అన్నిటికంటే ఎక్కువ చీటీలు వచ్చిన ప్రశ్న. "మాలోనో మాదిగలోనో పుట్టాము. బాప్తిస్మము తీసుకుంటే ఎస్సీ ఎందుకు పోతుంది?"

1950 ఆగస్టులో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరాలో ఉంది ఈ ముడి. హిందూ మతం కాక వేరే మతాన్ని అవలంబించేవాళ్లను ఎస్సీగా లెక్కించకూడదని అందులో రాశారు. పంజాబులో కొన్ని సిక్కు కులాలకు మొదట్లోనే మినహాయింపు ఇచ్చారు. 1956లో సిక్కులందరినీ చేర్చారు, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవులు, ముస్లిములు బయటే ఉన్నారు.

మద్రాసులో సూసై అనే ఆయన రోడ్డు పక్కన కూర్చుని చెప్పులు కుట్టేవాడు. అలా కుట్టేవాళ్లకు ప్రభుత్వం ఉచితంగా బంకులు ఇచ్చింది. ఆయనకు ఇవ్వలేదు, క్రైస్తవుడు కాబట్టి. అదే పని, అదే ఎండ. ఆయన సుప్రీంకోర్టుకు వెళ్లాడు. 1985లో కోర్టు ఏమందంటే, మతం మారాక కులం మిగిలి ఉందని చెబితే చాలదు, కొత్త మతంలో కూడా ఆ అణచివేత అంతే తీవ్రంగా ఉందని ఆధారాలతో చూపించాలి, అవి మా ముందు లేవు అంది.

ఇప్పుడు దీని పక్కన 2015లో వచ్చిన కేరళ తీర్పు పెట్టి చూడండి. క్రైస్తవ కుటుంబంలో పుట్టినవాడు హిందూ మతంలోకి తిరిగి వెళితే, కులంవాళ్లు ఒప్పుకుంటే, ఎస్సీ హోదా తిరిగి వస్తుందని సుప్రీంకోర్టు చెప్పింది. మనిషి అతడే, వీధి అదే, ఊళ్లో అతన్ని పిలిచే పేరూ అదే. మతం మారితే హోదా పోతుంది, తిరిగి వెళితే వస్తుంది. ఒక మతంలో ఉన్నందుకు ధర కట్టించే రాజ్యాన్ని తటస్థమని ఎలా అంటాము? జస్టిస్ రంగనాథ మిశ్రా కమిషన్ 2007లో ఇచ్చిన నివేదికలో ఎస్సీ హోదాకు మతంతో ముడి తెంచమని సిఫారసు చేసింది. 2022లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన మరో కమిషన్ వేశారు.

అవతలివాళ్ల మాటా వినాలి. ఉన్న రిజర్వేషన్‌లో కొత్తవాళ్లు చేరితే తమ వాటా తగ్గుతుందని ఎస్సీ సోదరులు భయపడుతున్నారు. అది అన్యాయమైన భయం కాదు. రెండో సంగతి ఇంకా కష్టం. సూసై తీర్పు అడిగిన ఆధారం మన దగ్గరే ఉంది, మన సమాధుల తోటల్లో కులానికో వరస ఉన్నచోట, పెళ్లి సంబంధానికి ముందు కులం అడిగే ఇళ్లలో. కోర్టులో "మా సంఘాల్లో కులం ఉంది" అని రుజువు చేయాలి, ఆదివారం "మాలో కులం లేదు" అని చెప్పుకోవాలి. ఈ రెండూ ఒకే నోటితో చెప్పలేము.

ఆఖరి చీటీ. చేతిరాత వణికినట్టుంది. "సర్టిఫికెట్‌లో హిందువని ఉంది, ఆదివారం చర్చికి వస్తాను. ఉద్యోగం వచ్చాక ఎవరైనా పట్టిస్తే?" దాచకుండా చెబుతాము. పరిశీలన కమిటీ విచారించి సర్టిఫికెట్ రద్దు చేయవచ్చు, దానితో వచ్చిన ఉద్యోగమూ పోవచ్చు. పుదుచ్చేరిలో గుమాస్తా ఉద్యోగం కోసం ఎస్సీ సర్టిఫికెట్ అడిగిన ఒక అమ్మాయి, బాప్తిస్మము పొంది క్రమంగా చర్చికి వెళుతోందన్న కారణంగా 2024 నవంబరులో సుప్రీంకోర్టులో ఓడిపోయింది. యానాం పిల్లలు దీన్ని బాగా గుర్తుపెట్టుకోండి, మీది అదే పాలన. ఆంధ్ర, తెలంగాణల్లో మతం మారిన ఎస్సీలకు బీసీ-సి కింద ఒక శాతం ఉంది, తమిళనాడులో బీసీ జాబితాలో చోటుంది. మీ రాష్ట్రంలో ఏముందో మొదట కనుక్కోండి. ఈ చీటీ రాసిన తమ్ముడో చెల్లెలో భోజనాల తర్వాత వెనక గదిలోకి రావచ్చు. మాతో ఒక వకీలు అక్క వచ్చారు. పేరు అడగరు, కాగితాలు మాత్రం తెచ్చుకోండి.