నెల తక్కువ బిడ్డకు రెండు వయసులు

(సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో మోండా మార్కెట్ గ్రూపు లీడర్ చేసిన ప్రసంగం)



ప్రతి ఏడాది నేను పొదుపు లెక్కలు చదువుతాను. ఈసారి ఇంకో లెక్క చెప్తాను. ఇది నెల తక్కువ బిడ్డల లెక్క. మా గ్రూపులోనే ఇద్దరికి ఇట్ల పుట్టారు. అందులో ఒకరు నా చిన్న బిడ్డ. నేను డాక్టర్ని కాదు, పదో తరగతి చదివి మోండాలో కూరగాయలు అమ్ముకునేదాన్ని. నాలుగేళ్లు ఫైలు పట్టుకొని తిరిగి నేర్చుకున్నది మాత్రమే చెప్తున్నాను.

నాకు డాక్టర్ ఇచ్చిన డెలివరీ తేదీ ఫిబ్రవరి 18. బిడ్డ డిసెంబర్ 10నే పుట్టింది. నిండు కాన్పు అంటే 40 వారాలు. నాకు 30 వారాలకే అయింది, అంటే 10 వారాలు ముందు. బరువు 1,300 గ్రాములు.

ఆగస్టు 10కి బిడ్డకు 8 నెలలు నిండినయి. పక్క దుకాణం ఆమె మనవడు 8 నెలలకు కూర్చొని ఆడుతుండె. మా పాప కూర్చుంటే పడిపోయేది. మా అత్తమ్మ రోజూ అదే మాట, "వాడు కూర్చున్నడు, ఇది ఎప్పుడు కూర్చుంటది?" నాకు రాత్రుళ్లు నిద్ర పట్టేది కాదు.

ఫాలో అప్‌కు పోతే అక్కడి సైకాలజిస్టు మేడం మొదట అడిగింది పుట్టిన తేదీ కాదు, డాక్టర్ ఇచ్చిన డెలివరీ తేదీ. ఫిబ్రవరి 18 నుంచి లెక్కపెడితే పాపకు ఇంకా 6 నెలలు కూడా నిండలేదు. ఈ వయసును సరిచేసిన వయసు అంటారు. 6 నెలల లోపు బిడ్డ ఆధారం లేకుండా కూర్చోకపోతే అది ఆలస్యం కాదు. సాధారణంగా రెండేళ్లు వచ్చేదాకా ఈ సరిచేసిన వయసుతోనే బిడ్డ ఎదుగుదలను చూస్తారు.

ఒక్క జాగ్రత్త. టీకాలకు ఈ లెక్క పెట్టొద్దు, అవి పుట్టిన తేదీ ప్రకారమే వేయించాలి. కంటి పరీక్ష కూడా అంతే. 34 వారాల లోపు గాని, రెండు కిలోల లోపు గాని పుట్టిన బిడ్డకు కంటి వెనుక పొరను పుట్టిన 30 రోజుల లోపే చూపించాలి. అది ఆగితే చూపు పోవచ్చు.

ఆ రోజు మేడం పాపను చాప మీద పడుకోబెట్టింది. ఆమె దగ్గర ఎర్ర రింగు, చెక్క దిమ్మెలు, చిన్న గంట, ఒక గుడ్డ ఉన్నయి. గంట మోగిస్తే ఎటు తిరుగుతుంది, కొత్త మనిషిని, నన్ను వేరుగా చూస్తుందా, నవ్వితే నవ్వుతుందా, వస్తువును అందుకుంటుందా, ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుతుందా అని చూసింది. నాకు అది ఆటలెక్క కనిపించింది, ఆమె మాత్రం ప్రతిదీ రాసుకుంది.

నవ్వు, చూపు, వినికిడి అన్నీ వయసుకు తగ్గట్టే ఉన్నయని చెప్పింది. కానీ దిమ్మె ఎడమ పక్క పెట్టినా పాప కుడి చెయ్యే చాపింది. మేడం కుడి చేతిని మెల్లగా పట్టుకొని మళ్లీ చూపిస్తే, ఎడమ చెయ్యి పిడికిలి సరిగ్గా విడవలేదు. ఇది మేము ఇంట్లో చూసినం, కాని కుడిచేతి వాటం అనుకొని సంతోషపడ్డం.

మేడం చెప్పింది, "ఏడాది లోపు బిడ్డకు ఒక చేతి వాటం ఉండదమ్మా, రెండూ సమానంగా వాడాలి. నెల తక్కువ పుట్టింది కాబట్టి ఆలస్యమయిందని కొన్నింటికి అనుకోవచ్చు. ఒక పక్క మాత్రమే వాడటానికి అది కారణం కాదు." వెంటనే పిల్లల నరాల డాక్టర్ దగ్గరికి పంపింది. తేలికపాటి సెరిబ్రల్ పాల్సీ అని తేలింది. ఎడమ పక్కకే వచ్చింది.

నేను ఆ రోజు ఏడ్చిన. కాని ఆరేడు నెలల ముందే తెలిసింది గనుక ఫిజియోథెరపీ మొదలుపెట్టగలిగినం. బొమ్మలు ఎడమ పక్క నుంచే ఇమ్మన్నారు. రెండు చేతులు పట్టాల్సిన వస్తువులు ఇమ్మన్నారు. మేము చిన్న సొరకాయ ఇచ్చి దొర్లించమనేవాళ్లం, చపాతీ పిండి నొక్కించేవాళ్లం.

తర్వాత పిలిచిన వయసుల్లో చూసేవి మారుతుంటయి. ఏడాదికి, గుడ్డ కింద దాచిన బొమ్మను వెతుకుతుందా, పేరు పిలిస్తే తిరుగుతుందా, మనం వేలు చూపిన వైపు చూస్తుందా. ఏడాదిన్నరకు, కావల్సింది తనే వేలుతో చూపిస్తుందా, ముక్కు, కళ్లు చూపిస్తుందా, కొన్ని మాటలు వచ్చినయా. రెండేళ్లకు, "అమ్మ రా", "పాలు కావాలి" అని రెండు మాటలు కలుపుతుందా, బొమ్మకు అన్నం తినిపించే ఆట ఆడుతుందా. మా పాప మాటల్లో ముందుంది, చేతి పనిలో వెనుక ఉంది.

రెండేళ్ల పరీక్షలో నేను "ఎన్ని మార్కులు వచ్చినయి?" అని అడిగిన. మేడం నవ్వి, ఇవి ఈ రోజు చేసిన పనుల లెక్క, తెలివికి జాతకం కాదంది. బిడ్డకు జ్వరం ఉన్నా, నిద్ర వచ్చినా తక్కువ రావచ్చు, అందుకే మళ్లీ పిలుస్తారు. బాగా వస్తే కూడా ఇక రావొద్దని కాదు. బాగా ముందుగా పుట్టిన కొందరిలో శ్రద్ధ నిలవకపోవడం, లెక్కల్లో ఇబ్బంది బడికి పోయినంకనే బయటపడతయి. అందుకే నాలుగైదేళ్లప్పుడు బొమ్మ చూసి గీయడం, కథ తిరిగి చెప్పడం, రెండు మూడు పనులు వరుసగా చెప్తే గుర్తుంచుకోవడం చూస్తారు. మా పాపకు ఇప్పుడు నాలుగేళ్లు. గుండీలు పెట్టుకోవడానికి చాలాసేపు పడుతది, కాని తనే పెట్టుకుంటది. బడిలో వేసే ముందు మళ్లీ చూపించాలి.

అక్కలారా, అట్లాంటి తల్లి మన పక్కన ఉంటే ఏం చెప్పి ధైర్యం ఇవ్వాలి? "ఏం కాదు, అందరూ అంతే" అని చెప్పొద్దు. నాకు అందరూ అదే చెప్పిండ్రు, నేనూ నమ్మిన. "చాలామంది నెల తక్కువ పిల్లలు బాగానే ఎదుగుతరు, సరిచేసిన వయసుతో చూద్దాం, కాని చూపించడం మానొద్దు" అని చెప్పండి. ఇది నిజం. సరిచేసిన వయసుకు మూడు నెలలు దాటినా నవ్వకపోతే, ఐదు నెలలకు మెడ నిలవకపోతే, పిడికిళ్లు విడవకపోతే, కాళ్లు కత్తెరలెక్క బిగిస్తే, వచ్చిన మాట పోతే ఆగొద్దు. తర్వాతి తేదీ దాకా కూడా చూడొద్దు.

ఎక్కడికి పోవాలంటే, 2013 నుంచి నడుస్తున్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పిల్లలకు పరీక్షలు ఉచితం. ఆశా కార్యకర్తను, అంగన్వాడీ టీచర్ను అడగండి. మనకు దగ్గరలో బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్లో నీపిడ్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది, 1984లో పెట్టింది. అక్కడ చిన్న పిల్లల ఎదుగుదల చూస్తారు. పోయేటప్పుడు డిశ్చార్జి కాగితం, డెలివరీ తేదీ రాసిన స్కానింగ్ రిపోర్టు తప్పకుండా తీసుకుపోండి. అది లేకుంటే లెక్కే తప్పుతది.

నేను రెండుసార్లు తేదీ తప్పించిన. ఆ రోజు కొట్టు మూస్తే తెల్లారి తెచ్చిన సరుకు పాడైతదని. అప్పటినుంచి మా గ్రూపులో ఒక తీర్మానం రాసుకున్నం. నెల తక్కువ బిడ్డ ఉన్న సభ్యురాలికి ఆసుపత్రి తేదీ ఉంటే, ఆ పూట ఇంకో సభ్యురాలు ఆమె కొట్టు దగ్గర కూర్చుంటది. పోయిన ఏడాది ఒక్క తేదీ కూడా తప్పలేదు. మిగతా గ్రూపులు కూడా ఈ తీర్మానం రాసుకోవాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.