42 పేజీల వర్డ్ రిపోర్టు, 10 నిమిషాల టైమ్: స్లైడ్‌కి ఒక్క విషయం

ఈ రోజు ఎపిసోడ్ మా ఇంట్లో జరిగిన కథతోనే మొదలుపెడతాను.

మా పిన్ని వాళ్ళది రేపల్లె. వాళ్ళబ్బాయి బాపట్లలో చదువుతున్నాడు. పోయిన నెల ఒక ఆదివారం రేపల్లె ప్యాసింజర్ ఎక్కి తెనాలిలో మా ఇంటికి వచ్చాడు. "అన్నయ్యా, బుధవారం ప్రాజెక్ట్ ప్రజెంటేషన్. 42 పేజీల రిపోర్ట్ ఉంది, 10 నిమిషాలే టైమ్. పవర్‌పాయింట్‌లోకి ఎక్కిస్తే ఏదో అయిపోయింది, చూడవా" అన్నాడు. లాప్‌టాప్ తెరిచి చూస్తే వందకు పైగా స్లైడ్లు! ప్రతి స్లైడ్‌లో ఒక పేరా మొత్తం టైటిల్ సైజులో కూర్చుంది.

వాడి రిపోర్ట్ మిగ్‌జాం తుపాను మీద. మీకు గుర్తుండే ఉంటుంది, 2023 డిసెంబర్ 5 మధ్యాహ్నం బాపట్లకు దగ్గర్లోనే తీరం దాటింది. గాలి గంటకు 90 నుంచి 100 కిలోమీటర్లు. సరిగ్గా వరి కోతల టైమ్. మా పిన్ని వాళ్ళ పొలంలో కూడా నీళ్ళు నిలబడ్డాయి. అందుకే వాడు ఆ టాపిక్ తీసుకున్నాడు. అంత దగ్గరి విషయం స్క్రీన్ మీద ఎవరికీ అర్థం కాకుండా పోతుందేమో అని వాడి బాధ.

ముందు ఆ వంద స్లైడ్లు ఎందుకు వచ్చాయో చూద్దాం. కంప్యూటర్‌లో ఉండే పవర్‌పాయింట్‌లో Home లోకి వెళ్ళి, New Slide పక్కన బాణం నొక్కితే కింద Slides from Outline అని ఉంటుంది. అది వర్డ్ ఫైల్‌ని తీసుకుని స్లైడ్లు చేస్తుంది. కానీ అది మన అక్షరాల సైజు చూడదు, బోల్డ్ చూడదు. స్టైల్ ఒక్కటే చూస్తుంది. Heading 1 అయితే కొత్త స్లైడ్ టైటిల్, Heading 2 అయితే దాని కింద బుల్లెట్. మావాడు హెడ్డింగులన్నీ బోల్డ్ చేసి సైజు పెంచాడు, అంతే. స్టైల్ ఎక్కడా లేదు. ఫైల్‌లో ఒక్క హెడ్డింగ్ స్టైల్ కూడా లేకపోతే పవర్‌పాయింట్ ప్రతి పేరాని ఒక టైటిల్ అనుకుంటుంది. అదీ సంగతి.

కాబట్టి మొదటి పని వర్డ్‌లోనే. లైన్ మీద కర్సర్ పెట్టి Ctrl+Alt+1 కొడితే Heading 1, Ctrl+Alt+2 కొడితే Heading 2. కంప్యూటర్ దగ్గర లేరా? ఫోన్‌లో వర్డ్ యాప్‌లో కూడా స్టైల్స్ పెట్టుకోవచ్చు. స్లైడ్లుగా మార్చడం మాత్రం కంప్యూటర్‌లో చేయండి. మార్చే ముందు వర్డ్ ఫైల్ సేవ్ చేసి మూసేయండి, తెరిచి ఉంటే ఎర్రర్ వస్తుంది.

ఇప్పుడు ఇంకోటి జరుగుతుంది. హెడ్డింగులు మాత్రమే వస్తాయి. మామూలు పేరాలు రావు, ఫోటోలు రావు, టేబుల్స్ రావు. మావాడు "అన్నయ్యా, సగం పోయింది!" అని కంగారుపడ్డాడు. పోలేదురా, వర్డ్‌లో భద్రంగా ఉంది. నిజానికి మనకి కావాల్సింది ఇదే, ఖాళీ ఎముకల గూడు. అక్షరాలు వర్డ్‌లోని రంగులతో వస్తే, ఎడమవైపు స్లైడ్లన్నీ సెలెక్ట్ చేసి Home లో Reset నొక్కండి, మీ డిజైన్‌లోకి సర్దుకుంటాయి.

కానీ అసలు పని ఇక్కడే మొదలవుతుంది. రిపోర్ట్‌లో హెడ్డింగులు ఎలా ఉంటాయి? "పరిచయం", "పంట నష్టం", "కారణాలు". ఇవి చాప్టర్ పేర్లు, విషయాలు కావు. "పంట నష్టం" అనే స్లైడ్‌లో వాడు నాలుగు బుల్లెట్లు పెట్టాడు: తుపాను తీరం దాటిన చోటు, కోసిన పనలు పొలంలో ఉండటం, మురుగు కాలవలు నిండటం, తడిసిన గింజ మొలకెత్తడం. "ఇందులో అసలు మాట ఏది?" అని అడిగాను. కాసేపు ఆలోచించి "నాలుగోది" అన్నాడు. చూడండి, రైతుకి ధర పడిపోయేది గింజ మొలకెత్తడం వల్ల. అది అన్నిటికన్నా కింద, అన్నిటికన్నా చిన్న అక్షరాల్లో ఉంది.

ఇది చిన్న విషయం కాదు. 2003 జనవరిలో కొలంబియా వ్యోమనౌక పైకి వెళ్ళేటప్పుడు ఒక ఫోమ్ ముక్క దాని రెక్కకి తగిలింది. ప్రమాదం ఎంత అని ఇంజనీర్లు నాసాకి స్లైడ్లు చూపించారు. అందులో ఒక స్లైడ్ టైటిల్ ధైర్యం చెప్పేలా ఉంది. తగిలిన ముక్క పాత పరీక్షల్లో వాడిన ముక్క కంటే 640 రెట్లు పెద్దది అనే లెక్క మాత్రం అట్టడుగు బుల్లెట్లలో ఉంది. ఫిబ్రవరి 1న కల్పనా చావ్లాతో సహా ఏడుగురూ చనిపోయారు. స్లైడ్ వల్లే జరిగిందని నేను అనట్లేదు. కానీ దర్యాప్తు చేసిన బోర్డు తన రిపోర్ట్‌లో ఆ స్లైడ్ గురించి ప్రత్యేకంగా రాసింది.

సరే, మావాడి స్లైడ్‌ని ఎలా విడగొట్టామో చెప్తాను. View లో Outline View తెరిచాం. ఎడమవైపు అంతా అక్షరాలుగా కనిపిస్తుంది. ఒక బుల్లెట్ మొదట్లో కర్సర్ పెట్టి Shift+Tab కొడితే అది కొత్త స్లైడ్ టైటిల్ అయిపోతుంది. నాలుగు బుల్లెట్లకీ అలా చేసి, ఖాళీగా మిగిలిన పాత టైటిల్ స్లైడ్‌ని తీసేశాం, ఒక స్లైడ్ నాలుగైంది. తర్వాత ప్రతి టైటిల్‌ని పూర్తి వాక్యంగా మార్చాం:

1. తుపాను బాపట్లకు దగ్గర్లో తీరం దాటింది.
2. అప్పటికి కోసిన పనలు పొలంలోనే ఉన్నాయి.
3. మురుగు కాలవ నిండింది, పొలంలో నీళ్ళు కదల్లేదు.
4. తడిసిన గింజ పనల మీదే మొలకెత్తింది.

మొదటి దానికి మ్యాప్, మిగతా వాటికి వాడు పొలంలో తీసిన ఒక్కో ఫోటో. అంతే, బుల్లెట్లు లేవు. మరి రిపోర్ట్‌లో రాసిన వివరం? ఆ పేరాని కాపీ చేసి స్లైడ్ కింద Notes లో పెట్టాం. మనం చూసుకోవడానికి అది ఉంటుంది, స్క్రీన్ మీద పడదు.

మూడో టైటిల్ చూసి మీలో ఎవరికైనా డౌట్ రావచ్చు, అందులో రెండు మాటలున్నాయి కదా అని. కాలవ నిండటం కారణం, నీళ్ళు కదలకపోవడం ఫలితం, రెండూ కలిసి ఒకే విషయం. అదే "కాలవ నిండింది, పరిహారం ఆలస్యమైంది" అని రాస్తే రెండు విషయాలు, రెండు స్లైడ్లు. రెండు ముక్కల మధ్య "అందుకే" పెట్టి చదవండి. అతికితే ఒకటే. "ఇంకా" తప్ప ఏదీ అతకకపోతే విడగొట్టండి.

చివరి పరీక్ష: Outline View లో టైటిల్స్ మాత్రమే పైనుంచి కిందకి గట్టిగా చదవండి. కథలా సాగాలి. మావాడు మా అమ్మకి చదివి వినిపించాడు. "మొలకొచ్చిన వడ్లు ఎవరు కొంటార్రా" అంది అమ్మ. అంటే అర్థమైనట్టే!

టేబుల్స్ దగ్గర మాత్రం మొండిగా ఉండాలి. పన్నెండు వరుసల టేబుల్ స్లైడ్‌లో పెడితే వెనక బెంచీ వాళ్ళకి కనపడదు. అందులోంచి మీరు నోటితో చెప్పబోయే ఒక్క అంకెనే పెద్దగా పెట్టండి. మొత్తం టేబుల్ రిపోర్ట్‌లో ఉంది కదా, ప్రింట్ కాపీ చేతికివ్వండి. ఇలా చేసిన స్లైడ్లు మీరు మాట్లాడితేనే అర్థమవుతాయి. ఒంటరిగా చదువుకునేవాళ్ళకి రిపోర్టే ఇవ్వాలి.

చివరికి వాడికి 16 స్లైడ్లు మిగిలాయి. ఒక్కోటి అర నిమిషం పైన. వాచీ పెట్టి చదివిస్తే తొమ్మిదిన్నర నిమిషాలు వచ్చింది. సాయంత్రం మళ్ళీ రేపల్లె బండెక్కాడు.

మీ దగ్గర ఇలాంటి రిపోర్ట్ ఉంటే, ముందు హెడ్డింగుల మీద ఒకసారి కర్సర్ పెట్టి చూడండి, అవి Heading 1 నా, లేక ఉత్త బోల్డా? అది కామెంట్‌లో చెప్పండి. మళ్ళీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను.