గోరంతా కొండంతా: జాషువా పద్యంలో ఒక కొలత

(షోలాపూర్ నీలం నగర్ యువతతో పంచుకున్న ప్రసంగ పాఠం)



పద్యంలో కవి ఎక్కడ ఎక్కువ చేసి చెప్పాడు, ఎక్కడ తక్కువ చేసి చెప్పాడు, అలా చెప్పి ఏం సాధించాడు? ఈ రోజు మనం మాట్లాడుకునేది ఈ ఒక్క సంగతే. ఎక్కువ చేసి చెప్పడాన్ని అతిశయోక్తి అంటాం. మరాఠీ మీడియంలో చదివిన మీకు ఈ మాట కొత్తది కాదు, అక్కడా ఇదే పేరు. తక్కువ చేసి చెప్పడాన్ని న్యూనోక్తి అందాం. అతిశయోక్తిని పరీక్షల కోసం అందరం బట్టీ పట్టాం. న్యూనోక్తి మాత్రం గొంతు తగ్గించి మాట్లాడుతుంది కనుక చాలాసార్లు మన చెవిన పడకుండానే వెళ్లిపోతుంది.

ముందుగా ఒక చిన్న ప్రశ్న. "మా అమ్మ రోజుకు వెయ్యి చేస్తుంది" అని ఎవరైనా రాస్తే అది అతిశయోక్తా? తెలుగులో వెయ్యి అనేది ఎక్కువ చేసి చెప్పడానికి వాడే అంకె. "నీకు వెయ్యిసార్లు చెప్పాను" అంటే ఎవరూ లెక్కపెట్టరు. కానీ ఈ వాడల్లో బీడీలు చుట్టే తల్లికి వెయ్యి అంటే అలంకారం కాదు, కూలి లెక్క. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి కడతారు. కట్టకు ఇరవై ఐదు చొప్పున నలభై కట్టలు. అదే వాక్యాన్ని హైదరాబాదులో చదివినవాడు "కవి బాగా పెంచాడు" అనుకుంటాడు, నీలం నగర్‌లో చదివినవాడు "సరిగ్గానే చెప్పాడు" అంటాడు.

దీన్నిబట్టి మొదటి మెట్టు తెలుస్తోంది. అసలు వస్తువు కొలత తెలియకుండా దాన్ని పెంచారో తగ్గించారో చెప్పలేం. వాక్యం ఎంత పెద్దగా వినిపించిందన్నది గుర్తు కాదు. జరిగినదానికీ చెప్పినదానికీ మధ్య ఎంత ఎడం ఉందన్నదే గుర్తు. రెండో మెట్టు, ఆ ఎడం పైకి పోయిందా కిందికి పోయిందా చూడడం. మూడో మెట్టు, కవి మాట తీసేసి ఉన్నదున్నట్టు చెప్పే మాట ఒకటి పెట్టి చదవడం. అప్పుడు పద్యం ఏం కోల్పోయిందో అదే ఆ ఎచ్చుతగ్గులు చేసిన పని.

ఈ మూడు మెట్లూ గుర్రం జాషువా పద్యం మీద నడిచి చూద్దాం. జాషువా 1895లో వినుకొండలో పుట్టారు, 1971లో కన్నుమూశారు. ఆయన 'గబ్బిలం' కావ్యం 1941లో వచ్చింది. అందులో ఊరి వెలుపలికి నెట్టివేయబడిన ఒక పేదవాడు తన గోడు శివుడికి విన్నవించమని గబ్బిలాన్ని రాయబారం పంపుతాడు. మనిషికి గుడిలోకి ప్రవేశం లేదు, గబ్బిలానికి ఉంది. ఆ కావ్యంలో ఒక తేటగీతి పద్యం చాలామందికి కంఠతా వచ్చు. పద్యాన్ని అలాగే వల్లించకుండా దాని భావాన్ని మన మాటల్లో చెప్పుకుందాం. ఆ మనిషి చేతి పని లేని రోజున పైరు పండడానికి వెనకాడుతుంది. అతను చెమటోడ్చి లోకానికంతా అన్నం పెడతాడు. అతనికి మాత్రం తినడానికి లేదు. అంతే, మూడు మాటలు.

మొదటి మాట చూడండి. కూలివాడు రాకపోతే ఏం జరుగుతుంది? దుక్కి ఆగుతుంది, నాట్లు పడవు, కలుపు పెరుగుతుంది, పంట పోతుంది. అసలు కొలత అది. కవి చెప్పింది పైరు వెనకాడుతుందని మాత్రమే. జరిగేది పెద్దది, చెప్పింది చిన్నది. అంటే ఎడం కిందికి పోయింది. ఇది న్యూనోక్తి. కానీ చాలామంది దీన్ని అతిశయోక్తి అనుకుంటారు, ఎందుకంటే పైరు మనిషిలా సంకోచించడం అనే ఊహ అందులో ఉంది. మనిషి కానిదానికి మనసు పెట్టడం వేరు, పెంచి చెప్పడం వేరు. ఒకే మాటలో రెండూ ఉండవచ్చు, కానీ కొలిచేటప్పుడు విడదీసి కొలవాలి.

ఇప్పుడు మూడో మెట్టు. "వెనకాడుతుంది" తీసేసి "అతను లేకుంటే భూమి బీడైపోతుంది" అని పెట్టండి. ఏం పోయింది? అది బెదిరింపులా తయారైంది. వినే ఆసామి వెంటనే "ఇతను కాకపోతే ఇంకొకడు వస్తాడు" అని జవాబు చెప్పగలడు. కవి గొంతు తగ్గించి ఆ జవాబుకు చోటు లేకుండా చేశాడు. పైగా వెనకాడడం మర్యాద ఉన్నవాళ్లు చేసే పని. అతని చేయి పడకుండా పండడానికి పైరుకు మొహమాటం ఉంది, అతని కష్టం తినడానికి మనుషులకు మాత్రం మొహమాటం లేదు. ఈ రెండో సగం కవి చెప్పలేదు, మన చేత అనిపించాడు. న్యూనోక్తి బలం ఇక్కడే ఉంది. మిగిలిన కొలతను చదివేవాడు పూరించాలి, పూరించినవాడు ఇక కాదనలేడు.

రెండో మాట లోకానికంతా అన్నం పెట్టడం. ఒక్క మనిషి లోకానికి అన్నం పెట్టలేడు. అతను దున్నే పొలం కొన్ని కుటుంబాలకు సరిపోతుంది. ఎడం పైకి పోయింది, కనుక అతిశయోక్తి. దాన్ని తీసేసి "ఊళ్లో పది ఇళ్లకు అన్నం పెడతాడు" అని పెట్టి చూడండి. జాలి అలాగే ఉంటుంది, నేరం మాత్రం ఆ పది ఇళ్లకు కుదించుకుపోతుంది. ఆ ఊరివాడు కాని పాఠకుడు హాయిగా తప్పించుకుంటాడు. "లోకం" అన్నప్పుడు అన్నం తిన్న ప్రతివాడూ అందులో ఉన్నాడు. ఇంకొకటి కూడా గమనించండి. "అతను" అంటే ఒక్క మనిషి అనుకుంటే ఎడం చాలా పెద్దది. "అతను" అంటే తరతరాలుగా పొలంలో పనిచేసిన జాతి అనుకుంటే ఎడం దాదాపు మూసుకుపోతుంది. ఈ పెంపు మనల్ని ఒక మనిషి దగ్గర నుంచి ఒక జనం దగ్గరికి నడిపిస్తుంది. కవి దానితో సాధించింది అదే.

మూడో మాటలో పెంపూ లేదు, తగ్గింపూ లేదు. అతనికి తిండి లేదు, అంతే. ఒకసారి తగ్గించి, ఒకసారి పెంచి, చివరికి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. లోకం అంత ఎత్తుకు తీసుకుపోయిన తర్వాత ఖాళీ కంచం చూపించాడు. అక్కడ కూడా "ఆకలి అగ్నిపర్వతమైంది" అని ఉంటే మనం ఆ అగ్నిపర్వతాన్ని చూస్తూ కంచాన్ని మరచిపోయేవాళ్లం. నిజం తనంతట తానే భయంకరంగా ఉన్నచోట అతిశయోక్తి దానికి అడ్డు వస్తుంది.

అదే కావ్యంలో ఇంకొక చోట, ఆ పేదవాడి మీదుగా వీచిన గాలి తగిలినా బుసకొట్టే నాలుగు పడగల పామును కవి చూపిస్తాడు. పాము అన్నది రూపకం. మరి గాలి తగిలినా అనేది అతిశయోక్తా? మన దేశంలో మనిషి నీడ పడితే మైల అన్న రోజులున్నాయి, ఇన్ని అడుగుల దూరంలో నిలబడాలని లెక్కగట్టిన ప్రాంతాలున్నాయి. ఆ చరిత్ర తెలిసినవారికి అది పెంచిన మాట కాదు, కొలిచిన మాట. తెలియనివారు దాన్ని "కవి ఆవేశం" అని పక్కన పెట్టేస్తారు. బాధపడ్డవాడి వాస్తవానికి అతిశయోక్తి అని పేరు పెట్టడం దాన్ని కొట్టివేసే సులువైన దారి. కనుక ఆ పేరు పెట్టే ముందు మొదటి మెట్టు దగ్గర కాసేపు ఆగండి.

పెంపును లెక్కగా చదివితే ఏమవుతుందో మన బైబిలులోనే ఉంది. మొదటి సమూయేలు 18వ అధ్యాయంలో స్త్రీలు తంబురలతో ఎదురువచ్చి పాడిన పాటలో సౌలుకు వేలు, దావీదుకు పదివేలు అని వస్తుంది. హెబ్రీ కవిత్వంలో మొదటి పాదంలో ఒక అంకె చెప్పి, రెండో పాదంలో దానికంటే పెద్ద అంకెతో జత కలపడం ఒక అలవాటు. 91వ కీర్తనలోనూ వెయ్యి, పదివేలు జతగానే వస్తాయి. అక్కడ ఎవరూ తీసివేత లెక్క చేయరు. సౌలు మాత్రం చేశాడు. అతనికి పాట వినబడలేదు, పద్దు వినబడింది. ఆ రోజు నుంచి దావీదు మీద కన్ను వేశాడు. అయితే తప్పంతా సౌలు చెవిదే అనుకోవద్దు. ఒకే జతలో ఇద్దరి పేర్లు పెట్టిన పాటకు పోలిక అనే ప్రమాదం పుట్టుకతోనే ఉంది. పెంచి చెప్పేవారు ఎవరి పక్కన ఎవరిని పెడుతున్నారో చూసుకోవాలి.

ఇక పెంపు ఎవరికి పనిచేస్తుందన్న ప్రశ్న. మన అలంకార శాస్త్రంలో అత్యుక్తి అని ఇంకొకటుంది. అప్పయ్య దీక్షితులు 'కువలయానందం'లో శౌర్యం, దాతృత్వం వంటివాటిని అబద్ధమే అయినా అద్భుతంగా వర్ణించడాన్ని అత్యుక్తి అన్నారు. రాజు దానం చేస్తే యాచకులే కల్పవృక్షాలయ్యారనే తరహా పొగడ్త అది. నేటి ఫ్లెక్సీ బ్యానర్ల మీద దాని మనవళ్లు కనిపిస్తారు. జాషువా పెంపు అన్నం లేనివాణ్ని మన కళ్ల ముందుకు తెచ్చింది. ఫ్లెక్సీ పెంపు ఇప్పటికే అందరికీ కనిపిస్తున్నవాణ్ని ఇంకా పెద్దగా చూపిస్తుంది. అలంకారం ఒకటే, చేసే పని వేరు.

తగ్గింపుకూ ఇదే పరీక్ష. కూలి ఆలస్యమైనప్పుడు ఇచ్చేవాడు "కాస్త ఇబ్బందిగా ఉంది, సర్దుకోండి" అంటాడు. పుచ్చుకునేవాడు కూడా ఇంటికి వచ్చి "కాస్త ఇబ్బందిగా ఉంది" అనే అంటాడు. మాట ఒకటే. మొదటివాడు ఎదుటివాడి బాధను తగ్గించాడు, అది దాచడం. రెండోవాడు తన బాధను తానే తగ్గించుకున్నాడు, అది ఓర్పో అభిమానమో. ఎవరి నష్టాన్ని ఎవరు తగ్గిస్తున్నారని అడిగితే తేడా తెలిసిపోతుంది.

మీలో కవితలు రాసేవారి కోసం మేము రెండు ముక్కలు కట్టుకొచ్చాం. మొదటిది:

అమ్మ కన్నీళ్లతో
ఏడు సముద్రాలు నిండాయి.

రెండోది:

సాయంత్రానికి వేళ్లు కాస్త మొద్దుబారాయంటుంది అమ్మ.
అన్నం కలపడానికి
చెంచా అడుగుతుంది.

మొదటిదానిలో పెంపు ఉంది, దాని కింద వాస్తవం ఏమీ లేదు. ఏ అమ్మకైనా, ఏ ఊరికైనా అతుకుతుంది. అలా అతికితే ఆ పెంపు విఫలమైనట్టు గుర్తు. రెండోదానిలో "కాస్త" అన్న మాట తగ్గింపు. అది తగ్గింపని మనకెలా తెలిసింది? చెంచా చెప్పింది. చేత్తో తినే మనిషి చెంచా అడిగిందంటే అది కాస్త కాదు. తగ్గించిన మాట పక్కన దాన్ని పట్టించే ఒక వస్తువు ఉండాలి. లేకపోతే చదివేవారు ఆ తగ్గింపును నిజమనుకుని "ఓహో, కొంచెమే కదా" అని ముందుకు పోతారు. జాషువా పద్యంలో ఆ పని చేసింది చివరి మాటలోని ఖాళీ కంచం.

వచ్చే వారం కూడుకున్నప్పుడు మీకు నచ్చిన ఒక పాటో పద్యమో తీసుకురండి. తెలుగైనా సరే, మరాఠీ అయినా సరే. అందులో ఒక్క పెంపును, ఒక్క తగ్గింపును గుర్తించి, వాటి చోట ఉన్నదున్నట్టు చెప్పే మాట పెట్టి, ఏం పోయిందో ఒక్క వాక్యంలో రాసుకురండి. అందరం కలిసి కొలుద్దాం.