ముఖానికి తగిన కళ్ళజోడు

పొదిలి బజారులో కళ్ళజోడు కొనేటప్పుడు చాలామంది ముఖం గుండ్రమా, కోలా అనే చూస్తారు. గుండ్రని ముఖానికి మూలలున్న ఫ్రేమ్ నప్పుతుందన్నది నిజమే. కానీ అంతకుముందు చూడాల్సింది కళ్ళ మధ్య దూరం.

ఫ్రేమ్ కాడ లోపలివైపు సాధారణంగా 54, 18 లాంటి అంకెలుంటాయి. మొదటిది ఒక్కో అద్దం వెడల్పు, రెండోది ఆ రెంటి మధ్య ఎడం, మిల్లీమీటర్లలో. కలిపితే 72, అదే రెండు అద్దాల మధ్యబిందువుల దూరం. మీ కంటిపాపల మధ్య దూరం 60 అనుకోండి. అప్పుడు ఒక్కో కన్ను అద్దం మధ్య నుంచి 6 మిల్లీమీటర్లు ముక్కువైపు ఉంటుంది. కళ్ళు మరీ దగ్గరైనట్టు కనిపిస్తాయి. మైనస్ పవరైతే అద్దం బయటి అంచు మందమవుతుంది. అదే 46, 18 ఫ్రేమ్‌లో ఆ తేడా 2 మాత్రమే.

ముఖం వెడల్పుగా ఉండి కళ్ళు దగ్గరగా ఉంటే? అద్దాలు చిన్నవే ఉంచి, కాడలు అతికే మూలలు పక్కలకు సాగిన ఫ్రేమ్ తీసుకోండి. ముక్కు మీది భాగం సన్నగా, లేతరంగులో ఉంటే కళ్ళ మధ్య ఎడం పెరిగినట్టుంటుంది. కళ్ళు దూరంగా ఉన్నవారికి అక్కడ ముదురు రంగు మేలు.

చివరగా ఒకసారి నవ్వి చూడండి. బుగ్గలు తగిలి ఫ్రేమ్ పైకి లేస్తే అది మీ కొలత కాదు.