లైన్‌లో కెపాసిటర్ పెడితే జనరేటర్ షాఫ్ట్ ఎందుకు దెబ్బతింది?

ఈ ఎపిసోడ్‌లో ఒక పవర్ ప్లాంట్ కథ చెప్తాను. అమెరికాలోని నెవాడాలో మొహావే అనే బొగ్గు ప్లాంట్ ఉండేది. 1970 డిసెంబర్‌లో అక్కడ ఒక జనరేటర్ షాఫ్ట్ దెబ్బతింది. రిపేర్ చేసి మళ్లీ నడిపారు. 1971 అక్టోబర్‌లో మళ్లీ అదే రకం డ్యామేజ్. అప్పుడు గానీ అసలు దొంగ ఎవరో దొరకలేదు. ఆ దొంగ షాఫ్ట్‌లో లేడు, బయట కరెంట్ లైన్‌లో ఉన్నాడు!

ముందు లైన్ సంగతి చూద్దాం. లైన్ పొడవు పెరిగేకొద్దీ దాని ఇండక్టివ్ రియాక్టెన్స్ పెరుగుతుంది, పంపగలిగే పవర్ తగ్గుతుంది. దీనికి మందు సిరీస్ కెపాసిటర్. కెపాసిటర్ రియాక్టెన్స్ గుర్తు ఇండక్టెన్స్‌కి వ్యతిరేకం కాబట్టి కొంత క్యాన్సిల్ అయిపోతుంది. 300 కిలోమీటర్ల లైన్‌లో 70 శాతం క్యాన్సిల్ చేస్తే, కరెంట్‌కి అది దాదాపు 90 కిలోమీటర్ల లైన్‌లా అనిపిస్తుంది. కొత్త టవర్లు వేయకుండానే ఎక్కువ పవర్ వెళ్తుంది. సూపర్ కదా!

కానీ బీటెక్ ఫస్ట్ ఇయర్‌లో చదివింది గుర్తుందా? ఇండక్టర్, కెపాసిటర్ సిరీస్‌లో ఉంటే ఆ సర్క్యూట్‌కి సొంత ఫ్రీక్వెన్సీ ఒకటి ఉంటుంది. ఇక్కడ దాని ఫార్ములా ఇదీ:

```
fe = f0 × √(Xc / XL)
```

లెక్క తేలిగ్గా ఉండేలా నేనే కొన్ని అంకెలు తీసుకుంటాను. లైన్ రియాక్టెన్స్ 50 ఓమ్‌లు, అందులో సగం, అంటే 25 ఓమ్‌లు, కెపాసిటర్ క్యాన్సిల్ చేస్తోంది. జనరేటర్, ట్రాన్స్‌ఫార్మర్, అవతలి గ్రిడ్ కలిపి ఇంకో 50. మొత్తం 100 ఓమ్‌లు. 25ని 100తో భాగిస్తే పావు, దాని వర్గమూలం సగం. అమెరికాలో సప్లై 60 హెర్ట్జ్ కాబట్టి ఈ సర్క్యూట్ సొంత ఫ్రీక్వెన్సీ 30 హెర్ట్జ్. సప్లై కంటే తక్కువ కాబట్టే సబ్‌సింక్రనస్ అంటారు.

ఇప్పుడు షాఫ్ట్ దగ్గరికి వద్దాం. టర్బైన్ భాగాలు, జనరేటర్, ఎక్సైటర్ అన్నీ ఒకే వరసలో కలిసి తిరుగుతాయి. చూడ్డానికి గట్టి ఇనుప కడ్డీలా ఉంటుంది కానీ, నిజానికి అవి బరువైన ముక్కలు, మధ్యలో స్ప్రింగ్‌లు ఉన్నట్టే లెక్క. తడి బట్ట పిండినట్టు షాఫ్ట్ కొంచెం మెలి తిరిగి, మళ్లీ వెనక్కి వస్తుంది. ఆ మెలికకీ సొంత ఫ్రీక్వెన్సీలు ఉంటాయి. మొహావే షాఫ్ట్‌లో అలాంటి ఒక ఫ్రీక్వెన్సీ దాదాపు 30 హెర్ట్జ్.

అసలు చిక్కు ఇక్కడే. షాఫ్ట్ 30 హెర్ట్జ్‌తో ఊగితే, స్టేటర్‌లో 60 మైనస్ 30, అంటే 30 హెర్ట్జ్ వోల్టేజ్ కూడా చిన్నగా పుడుతుంది. లైన్ సొంత ఫ్రీక్వెన్సీ కూడా దాని దగ్గరే ఉంది కాబట్టి చిన్న వోల్టేజ్‌కే పెద్ద కరెంట్ పారుతుంది. ఆ కరెంట్ మళ్లీ రోటర్ మీద 30 హెర్ట్జ్ టార్క్ వేస్తుంది. ఊయలని సరిగ్గా టైమ్‌కి తోసినట్టు! మెలిక ఊపుని అణిచే డ్యాంపింగ్ షాఫ్ట్‌లో చాలా తక్కువ. అందుకే ఊపు పెరుగుతూ పోయి, షాఫ్ట్ లోహం అలిసిపోతుంది. గుర్తుపెట్టుకోండి: షాఫ్ట్ ఫ్రీక్వెన్సీ, లైన్ ఫ్రీక్వెన్సీ కలిపితే సప్లై ఫ్రీక్వెన్సీకి దగ్గరగా వస్తే డేంజర్. మన దగ్గర 50 హెర్ట్జ్ కాబట్టి ఆ మొత్తం 50.

మరి ఆ ప్లాంట్ రోజూ ఎలా నడిచింది? మామూలుగా జనరేటర్‌కి వేరే దారులు కూడా ఉంటాయి. అందుకని రెజొనెన్స్ అంత బలంగా రాదు. ఆ రోజు లైన్ స్విచింగ్ వల్ల, కెపాసిటర్లున్న ఒక్క లైన్ చివర జనరేటర్ ఒంటరిగా మిగిలింది. కంట్రోల్ రూమ్‌లో లైట్లు మిణుకుమిణుకుమన్నాయి, వైబ్రేషన్ అలారం మోగింది. జనరేటర్, ఎక్సైటర్ మధ్య స్లిప్ రింగుల దగ్గర షాఫ్ట్ పాడైంది.

నేను సాఫ్ట్‌వేర్ జాబ్‌లో ఉన్నప్పుడు "అన్ని సర్వర్లూ ఆన్‌లో ఉన్నప్పుడు టెస్ట్ పాస్" అని మురిసిపోయేవాళ్లం. రెండు సర్వర్లు పడిపోతే ఏమవుతుందో చూసేవాళ్లం కాదు. ఇక్కడా అదే పాఠం. ఒక్కో లైన్ తీసేసి, ప్రతిసారీ fe మళ్లీ లెక్కేయాలి.

ప్రమాదకరమైన కాంబినేషన్ దొరికితే, ఆ పరిస్థితిలో కొన్ని కెపాసిటర్లని బైపాస్ చేస్తారు. అరిజోనాలోని నవాహో ప్లాంట్‌లో ఆ ఫ్రీక్వెన్సీ కరెంట్‌ని ఆపే బ్లాకింగ్ ఫిల్టర్లు పెట్టారు. వీటికీ ఒక లిమిట్ ఉంది. ఎండకి, వయసుకి ఫిల్టర్ ట్యూనింగ్ జరిగిపోవచ్చు. అందుకే చివరి కాపలాగా, షాఫ్ట్ మెలికని కొలిచి, హద్దు దాటితే జనరేటర్‌ని ట్రిప్ చేసే టార్షనల్ రిలే కూడా ఉంచుతారు.

ఇప్పుడు మీకో లెక్క. 50 హెర్ట్జ్ గ్రిడ్, Xc 16 ఓమ్‌లు, మొత్తం XL 100 ఓమ్‌లు. షాఫ్ట్‌కి ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర ప్రమాదం? ఆన్సర్ కామెంట్‌లో పెట్టండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!