రాత్రి షిఫ్టు లెక్క

ఫ్యాక్టరీల్లో వేలిముద్ర యంత్రం రాసే పంచ్ వేళలను సీఎస్‌వీ ఫైలుగా తీసుకుంటే, ఒక్కొక్కరి వారపు గంటలు కూడటానికి చిన్న పైథాన్ స్క్రిప్టు చాలు. చిక్కంతా రాత్రి షిఫ్టుతోనే.

ఒక కార్మికుడు సోమవారం నుంచి శనివారం వరకు రోజూ రాత్రి 10కి వచ్చి, తెల్లారి 6కి వెళ్తాడనుకుందాం. స్క్రిప్టు తేదీ చూసి ఆ రోజు మొదటి పంచ్ నుంచి చివరి పంచ్ దాకా లెక్కేస్తే, మంగళవారం ఉదయం 6 నుంచి రాత్రి 10 వరకు 16 గంటలు వస్తాయి. అంటే ఇంట్లో నిద్రపోయిన వేళకే కూలి కట్టినట్టు!

అందుకే తేదీని పక్కనబెట్టి, ఒక్కో మనిషి పంచ్‌లను వేళల వరుసలో పేర్చాలి. ప్రతి రాకను దాని తర్వాతి పోకతో జతచేసి, ఆ షిఫ్టును అది మొదలైన వారంలో కలపాలి. వరుసగా రెండు రాకలు కనిపిస్తే మధ్యలో ఒక పంచ్ తప్పిందన్నమాట. దాన్ని స్క్రిప్టు ఊహించి పూరించకూడదు, సూపర్‌వైజరు చూసేందుకు విడిగా రాసిపెట్టాలి.

ఆరు రాత్రులకు మొత్తం 48 గంటలు. ఇక్కడే మరో గుంట ఉంది. పైథాన్ ఆ మొత్తాన్ని రెండు రోజులు, సున్నా సెకన్లుగా దాచుకుంటుంది. `.seconds` అని అడిగితే జవాబు 0. `.total_seconds()` అని అడిగి 3600తో భాగిస్తేనే 48 వస్తుంది.